చూడలేదా, చూసి చెప్పలేదా? ఒక పాత పట్టుచీర నేర్పిన పాఠం

ఈ రోజు పాఠం ఒక చిన్న కథతో మొదలుపెడదాం. కథ కల్పితం, శ్రావణి అనే పేరు కూడా నేను పెట్టిందే. కానీ ఇందులో వచ్చే చినుగులు, మరకలు, మడతలు మాత్రం మీ ఇంట్లో అమ్మ బీరువా తెరిస్తే నిజంగానే కనిపిస్తాయి. కథ అయ్యాక, ఒక లోపాన్ని నిజాయితీగా రాయడం అంటే ఏంటో వివరంగా చూద్దాం. "నిజం చెప్పాలి" అని మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పించరు.

జనగామలో మొదలైంది

శ్రావణి జనగామలో బీకామ్ రెండో సంవత్సరం. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ ఫాల్స్, పీకో కుడుతుంది. అమ్మ దగ్గరికి వచ్చే చీరలు చూసీ చూసీ శ్రావణికి ఒక ఆలోచన వచ్చింది. పెళ్ళిళ్ళకి కొన్న పట్టుచీరలు ఒకటి రెండుసార్లు కట్టి బీరువాలో పెట్టేస్తారు. అవి తక్కువ ధరకి తీసుకుని, డ్రైక్లీనింగ్ చేయించి, ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే కొనేవాళ్ళు ఉంటారు కదా! హాస్టల్ ఫ్రెండ్స్, వాళ్ళ అక్కలు, వాళ్ళ పిన్నులు అలా అలా మూడు నెలల్లో పదకొండు చీరలు అమ్మింది. సెమిస్టర్ ఫీజులో కొంత తనే కట్టింది.

పన్నెండో చీర మహబూబాబాద్ నుంచి వచ్చింది. అమ్మమ్మ వాళ్ళ ఊరు అది. సెలవులకి రైలెక్కి వెళ్ళినప్పుడు, పక్కింటి ఆవిడ బీరువా అడుగు నుంచి ఒక వంకాయ రంగు పట్టుచీర తీసింది. పెద్ద జరీ అంచు, నిండు కొంగు. ఇరవై ఏళ్ళ కిందట కొన్నదట. శ్రావణి కొంగు విప్పి చూసింది, అంచు చూసింది, 900 రూపాయలు ఇచ్చేసింది. జనగామ వచ్చాక డ్రైక్లీనింగ్‌కి 180 అయింది.

ఫోటోలు తీసేటప్పుడు కుచ్చిళ్ళు వచ్చే చోట మడత మీద ఒక సన్నటి గీత కనిపించింది. వెలుతురుకి పెట్టి చూస్తే ఆ గీతలో నుంచి కిటికీ కనిపిస్తోంది. శ్రావణి ఒక్క నిమిషం ఆగింది. తర్వాత చీరని ఆ మడత లోపలికి వచ్చేలా మడిచి, కొంగు పరిచి ఫోటో తీసింది. కింద ఇలా రాసింది: "ప్యూర్ కంచి పట్టు, ఒక్కసారే కట్టింది, కొత్తదానిలా ఉంది. ధర 2,200 మాత్రమే."

ఆ రాతలో ఎన్ని మాటలు తనకి నిజంగా తెలుసు? కంచిదని ఎవరూ చెప్పలేదు. ఒక్కసారే కట్టారో పదిసార్లు కట్టారో అడగలేదు. కొత్తదానిలా లేదని మాత్రం తెలుసు.

గంటలో భూపాలపల్లి నుంచి మెసేజ్ వచ్చింది. సింగరేణి క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంటీ. బిడ్డ నిశ్చితార్థానికి తను కట్టుకోవడానికి కావాలట. డబ్బులు వెంటనే పంపింది. శ్రావణి 90 రూపాయలు కట్టి ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేసింది.

ఒక ఫోటో, ఒక ప్రశ్న

ఆదివారం పొద్దున పదకొండింటికి ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. కుచ్చిళ్ళు దోపుకునే చోట చీర అడ్డంగా జానెడు చిట్లిపోయి ఉంది. వెనకాలే వాయిస్ మెసేజ్. వెనక మేళం చప్పుడు, చుట్టాల మాటలు వినిపిస్తున్నాయి. ఆంటీ తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"చీర కట్టుకుంటుంటేనే పర్రున చినిగింది బిడ్డా. వేరేది కట్టుకున్న, ఏం కాదు. గానీ ఒక్క మాట చెప్పు. నువ్వు చూడలేదా, చూసి చెప్పలేదా?"

శ్రావణి ముందు టైప్ చేసిన జవాబు, "సారీ ఆంటీ, నేను గమనించలేదు." పంపే ముందు ఆగింది. అబద్ధం అది. చెరిపేసింది. మళ్ళీ రాసింది: "చూశాను ఆంటీ. చిన్నదే కదా అనుకున్నా. చెప్తే కొనరేమో అని చెప్పలేదు."

మర్నాడు కాలేజీ మానేసి బస్సెక్కింది. హనుమకొండలో మారి, పరకాల మీదుగా భూపాలపల్లి. మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి టికెట్ ఖర్చు లేదు, కానీ ఆ ప్రయాణం చాలా పొడుగ్గా అనిపించింది. 2,200 రూపాయలు ఆంటీ చేతిలో పెట్టింది. ఆంటీ లెక్కపెట్టకుండా దేవుడి గూట్లో పెట్టి, చాయ్ ఇచ్చి, చీరని మంచం మీద పరిచింది.

"ఇటు రా, చూడు. ఇది కోసిన చినుగు కాదు, చివికింది. రెండు చేతుల బొటనవేళ్ళతో ఇట్ల పట్టి మెల్లగ లాగు."

శ్రావణి లాగింది. చిన్నగా చప్పుడైంది, దారాలు ఇంకో అంగుళం విడిపోయాయి.

"ఇరవై ఏండ్లు ఒక్కటే మడత మీద ఉన్నది. పట్టు అక్కడ్నే అలిసిపోతది. ఇప్పుడు ఈ గీత ఒక్కదానితో ఆగదు. నువ్వు 'చిన్న చినుగు ఉంది ఆంటీ' అని చెప్పినా నేను రఫ్ఫు చేయించుకుందును, మళ్ళా పక్కన్నే చినుగుతుండె. మరక అయితే మరక లెక్కనే ఉంటది. ఇది పెరుగుతది. అది చెప్పాలె."

నాకు ఈ కథలో గుండెకాయ ఈ మాటే. శ్రావణి "చిన్నదే కదా" అనుకుంది. సైజు చూసింది, స్వభావం చూడలేదు. అంటే ఆంటీ ప్రశ్నకి అసలు జవాబు రెండూ. సగమే చూసింది, ఆ చూసిన సగం కూడా చెప్పలేదు.

మహబూబాబాద్ మిర్చి బస్తా

ఆ వారం చివర్లో అమ్మమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అమ్మమ్మ వాళ్ళది మిర్చి పండించే ఇల్లు. కల్లంలో మిర్చి ఎండబెట్టాక ఆడవాళ్ళు కూర్చుని ఏరతారు. ఎర్రగా నిగనిగలాడే కాయ ఒక వైపు, తెల్లబారిన తాలు ఇంకో వైపు. తాలు పారేయరు. దానికీ మార్కెట్‌లో ధర ఉంది, తక్కువ ధర, వేరే బస్తా.

"ఒక ఏడు మీ తాత తొందర్ల తాలు ఏరకుండా నింపిండు బిడ్డా," అంది అమ్మమ్మ. "కొనేటోడు బస్తా మూతి చూస్తడా? చెయ్యి లోపటికి పెట్టి నడిమిట్లకెళ్ళి పిడికెడు తీస్తడు. ఆ పిడికిట్ల నాలుగు తాలుకాయలు వచ్చినయ్. ఇగ మంచి కాయకు సుత ధర కోసిండు. ఏరి వేరే పెడితే తాలుకు తాలు ధర, కాయకు కాయ ధర వస్తుండె."

ఫ్రెండ్స్, అమ్మమ్మ చెప్పిన ఈ విషయం మీదే జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో ఒక పరిశోధనా పత్రం రాశారు. ఆయన ఉదాహరణ పాత కార్లు. అమ్మేవాడికి కారు సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియనప్పుడు, కొనేవాడు భయంతో అన్నింటికీ సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు, వెళ్ళిపోతాడు. మిగిలేవి చెడ్డవి. అప్పుడు ధర ఇంకా పడుతుంది. ఈ పనికి 2001లో ఆయనకి, మరో ఇద్దరితో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

శ్రావణి విషయంలో కూడా అంతే. ఒక చివికిన చీరని దాచి పంపితే ఆ చీర ధర ఒక్కటే పోదు. ఆంటీ ఉండే క్వార్టర్స్ మొత్తంలో శ్రావణి అమ్మే ప్రతి మంచి చీర మీదా అనుమానం పడుతుంది. తాలు కలిసిన బస్తా అయిపోతుంది ఆమె స్టేటస్.

మౌనం అబద్ధమా?

ఇక్కడ మీలో కొందరికి ఒక డౌట్ వస్తుంది. నాకూ వచ్చింది. "అడగలేదు కాబట్టి చెప్పలేదు, అబద్ధమైతే ఆడలేదు కదా?"

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ మోసం అంటే ఏంటో చెప్తుంది. దాని కింద ఉన్న ఉదాహరణల్లో కొన్ని ఒక గుర్రం గురించి. ఒకడు తన గుర్రం సరిగ్గా లేదని తెలిసీ వేలంలో అమ్ముతాడు, దాని గురించి ఏమీ అనడు. ఉట్టి మౌనం కాబట్టి అది మోసం కాదు. అదే గుర్రాన్ని, అప్పుడే మేజర్ అయిన తన కూతురికి అమ్మితే? అప్పుడు చెప్పాల్సిన బాధ్యత ఉంది, ఎందుకంటే ఆమె తండ్రిని నమ్ముతుంది. ఇంకో ఉదాహరణలో కొనేవాడు అంటాడు, "నువ్వు కాదు అనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను." అమ్మేవాడు నోరు మెదపడు. అక్కడ ఆ మౌనం మాటతో సమానం.

కాబట్టి చట్టం ప్రకారం ప్రతి మౌనమూ మోసం కాదు. కానీ శ్రావణి మౌనంగా కూడా లేదు, చూడండి. "కొత్తదానిలా ఉంది" అని రాసింది. ఆ మాట రాశాక గీత గురించి చెప్పకపోవడం ఉట్టి మౌనం కాదు, ఆ గీత లేదని చెప్పడమే. పైగా మడత మార్చి ఫోటో తీసింది. నోటితో ఆడని అబద్ధం ఫోటోతో ఆడింది. ఇక వ్యాపారం చేసేవాళ్ళ విషయానికొస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత వస్తువుని కొత్తదని చెప్పి అమ్మడాన్ని అన్యాయ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

చట్టం కంటే ముందు మనకి తులాధారుడు ఉన్నాడు. మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి, తన జటల్లో పక్షులు గూడు కట్టుకునేంత కదలకుండా తపస్సు చేశానని గర్వపడతాడు. నీకంటే ధర్మం తెలిసినవాడు కాశీలో ఉన్నాడు అని వినిపిస్తుంది. వెళ్ళి చూస్తే అతను అంగట్లో సరుకులు అమ్ముకునే వర్తకుడు. నా త్రాసు అందరికీ సమానంగా ఉంటుంది అన్నది అతను చెప్పే ధర్మం. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ చేతిలో త్రాసు లేదు. కొనేవాళ్ళు వస్తువుని ముట్టుకోలేరు, పట్టుకోలేరు, వాసన చూడలేరు. వాళ్ళ చేతిలో ఉన్నది మన రాత ఒక్కటే. అదే త్రాసు.

ముందు చూడటం

భూపాలపల్లి నుంచి వచ్చాక శ్రావణి ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. కొనే ముందే చీర మొత్తం చూడాలని మొదటి రూల్. ఆమె చూసే పద్ధతి ఇది.

చీర మొత్తం విప్పి మంచం మీద ఒక మీటరు, ఒక మీటరుగా జరుపుతుంది. మామూలుగా చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, బ్లౌజ్ పీస్ ఉంటే ఇంకో ముప్పావు మీటరు. టేపుతో కొలుస్తుంది, ఎందుకంటే బ్లౌజ్ పీస్ కోసేసినప్పుడు కొన్నిసార్లు చీరలో కొంచెం కూడా పోతుంది. తర్వాత ప్రతి మీటరునీ కిటికీ వైపు ఎత్తి వెలుతురులో చూస్తుంది. పలచబడిన చోటు, పిన్నీసు బొక్కలు, పురుగు కొట్టిన చిల్లులు నేల మీద పరిస్తే కనపడవు. వెలుతురుకి ఎత్తితే దాగవు.

లోపాలు చీరలో ఎక్కడ పడితే అక్కడ రావు. భుజం మీద పిన్నీసు పెట్టే చోట బొక్కలు, ఒక్కోసారి తుప్పు చుక్క. కింది అంచు మడమ కింద పడి నలిగిపోతుంది, ఫాల్ దాన్ని కప్పేస్తుంది కాబట్టి ఫాల్ తిప్పి చూడాలి. కొంగు చివర పసుపు, కూర మరకలు. నడుము దగ్గర చెమట. మడతల మీద చివుకు. ఈ అయిదు చోట్లూ తప్పకుండా చూస్తుంది. మడతల దగ్గర ఆంటీ నేర్పినట్టు బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూస్తుంది.

ఇక "ప్యూర్ పట్టు" అనే మాట. చీర అంచు చివర వేలాడే దారం ఒకటి తీసి, తల్లిదండ్రుల ముందు, స్టీల్ ప్లేట్‌లో పెట్టి కాల్చి చూస్తుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. కానీ ఈ పరీక్షకి ఒక హద్దు ఉంది. కాల్చిన ఆ ఒక్క దారం సంగతే అది చెప్తుంది. నిలువు దారం పట్టు, అడ్డ దారం ఇంకోటి అయిన చీరలు ఉంటాయి. అందుకే రెండు వైపుల నుంచీ దారం తీస్తుంది. కంచిదో ధర్మవరందో గద్వాలో ఈ పరీక్ష చెప్పలేదు. బిల్లు లేకపోతే ఊరి పేరు రాయదు.

తర్వాత చెప్పడం

నేను ఆఫీసులో రోజూ బగ్ రిపోర్టులు చదువుతాను. "యాప్ సరిగ్గా పని చేయట్లేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ స్క్రీన్‌లో, ఏం నొక్కితే, ఏం జరిగింది అని రాస్తేనే ఏదైనా చేయగలం. చీర లోపం కూడా అంతే. "చిన్న చిన్న లోపాలు ఉన్నాయి" అన్న వాక్యం నిజాయితీలా కనిపిస్తుంది. కానీ అందులో సమాచారం లేదు. రేపు గొడవ వస్తే "చెప్పాను కదా" అనడానికి మాత్రం పనికొస్తుంది. అంటే అది కొనేవాళ్ళ కోసం రాసింది కాదు, మన కోసం రాసుకుంది.

కొనేవాళ్ళ కోసం రాస్తే ప్రతి లోపానికీ నాలుగు ప్రశ్నలకి జవాబు ఉంటుంది. ఎక్కడ ఉంది? ఎంత ఉంది? కట్టుకుంటే కనిపిస్తుందా? ఇలాగే ఉంటుందా, పెరుగుతుందా? మొదటి రెండూ కళ్ళతో, టేపుతో తేలిపోతాయి. మూడోదానికి ఒకసారి కట్టి చూడాలి. నాలుగోదానికి ఆ లోపం ఏంటో అర్థం కావాలి. పసుపు మరక పాకదు. అసలు వెండి జరీ అయితే నల్లబడటం వల్ల వెంటనే చినగదు, కానీ గట్టిగా రుద్దితే పైపూత పోతుంది. లేచిన జరీ దారం గాజులకి తగులుకుంటే ఇంకా లాగుకొస్తుంది. చివుకు తప్పకుండా పెరుగుతుంది.

రెండు నెలల తర్వాత శ్రావణి దగ్గరికి ఒక ముదురు ఆకుపచ్చ చీర వచ్చింది. దానికి ఆమె రాసింది ఇది:

"ముదురు ఆకుపచ్చ చీర, మెరూన్ అంచు. రెండు వైపుల దారం కాల్చి చూశాను, పట్టులాగే కాలింది. ఎక్కడిదో తెలియదు, బిల్లు లేదు. పొడవు 5.4 మీటర్లు, బ్లౌజ్ పీస్ లేదు. ఇచ్చినవాళ్ళు నాలుగైదుసార్లు కట్టామన్నారు. లోపాలు మూడు. ఒకటి, కొంగు చివరి నుంచి జానెడు లోపల పసుపు మరక, 3 సెంటీమీటర్లు. కొంగు పరిచి వేసుకుంటే కనిపిస్తుంది, భుజం మీద మడతలు పెట్టి పిన్ చేస్తే లోపలికి పోతుంది. డ్రైక్లీనింగ్‌లో పోలేదు. రెండు, భుజం దగ్గర పిన్నీసు బొక్కలు ఆరు, చిల్లు పెద్దవి కాలేదు. మూడు, కింది అంచులో రెండు చోట్ల జరీ దారం లేచింది, పట్టీలకి తగులుకోవచ్చు, కట్టే ముందు ఒక కుట్టు వేయించుకోండి. మడతల దగ్గర లాగి చూశాను, గట్టిగా ఉంది. ఫోటోలు పగటి వెలుతురులో నీడలో తీశాను. ధర 1,300."

ఫోటోలు ఆరు పెట్టింది. మరక ఫోటోలో పక్కన స్కేలు ఉంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఆకుపచ్చ వేరేగా కనిపిస్తుందని డాబా మీద నీడలో తీసింది. మొదటి ఫోటో కొంగుది, రెండోదే మరకది. అన్నింటికంటే చివర్లో దాచలేదు.

ఫ్రెండ్ చూసి నవ్వింది. "ఏందే ఇది, డాక్టర్ రిపోర్ట్ లెక్క రాసినవ్. ఎవరు కొంటరు?"

నిజమే, రెండు రోజులు ఎవరూ అడగలేదు. నిజాయితీగా రాస్తే సరుకు ఎగబడి అమ్ముడవుతుందని నేను మీకు చెప్పను. మూడో రోజు ఒకావిడ అడిగి, మరక ఫోటో చూసి, "నేను కొంగు పరిచి వేసుకుంటా, నాకు వద్దు" అంది. ఒక అమ్మకం పోయింది. కానీ ఆలోచించండి, ఆ చీర ఆవిడ ఇంటికి వెళ్ళాక ఈ మాట తెలిసి ఉంటే? పార్సిల్ ఖర్చు, తిరుగు ఖర్చు, మనసులో కష్టం. ఆవిడ వద్దనడం కూడా ఆ రాత చేసిన మంచి పనే.

అయిదో రోజు భూపాలపల్లి నుంచి మెసేజ్. అదే ఆంటీ వాళ్ళ పక్క క్వార్టర్ ఆవిడ. "నేను ఎప్పుడూ పిన్ చేసే కట్టుకుంట. జరీ కుట్టు నేను వేయించుకుంట. పంపు బిడ్డా." బేరం ఆడలేదు. లోపాలన్నీ ముందే ధరలో ఉన్నాయి కాబట్టి ఆడటానికి ఏమీ మిగల్లేదు.

వంకాయ రంగు చీర ఏమైంది?

మీరు అడుగుతారని తెలుసు. శ్రావణి దాన్ని పారేయలేదు. తాలు బస్తా గుర్తుందా? స్టేటస్‌లో ఇలా పెట్టింది: "ఇది చీరగా కట్టుకోవడానికి పనికిరాదు. మధ్యలో మడతల మీద చివికింది, లాగితే చినుగుతుంది. అంచు, కొంగు గట్టిగా ఉన్నాయి. చిన్నపిల్లల లంగాకి అంచు వాడుకోవచ్చు. 800." జనగామలోనే ఒక టైలరక్క వచ్చి, చేతులతో లాగి చూసుకుని తీసుకెళ్ళింది.

లెక్క చూద్దాం. చీరకి 900, డ్రైక్లీనింగ్ 180, మొదటి పార్సిల్ 90, మొత్తం 1,170. వచ్చింది 800. నష్టం 370 రూపాయలు. దాచిపెట్టి ఉంటే లాభం 1,030 అని మొదట అనుకుంది కదా, ఆ లాభం అసలు ఎప్పుడూ లేదు. అది ఆంటీ నిశ్చితార్థం రోజు నుంచి తీసుకున్న అప్పు. ఇంకో సంగతి కూడా ఉంది. మహబూబాబాద్‌లోనే చీర మొత్తం విప్పి వెలుతురుకి చూసి ఉంటే, పక్కింటి ఆవిడకే చూపించి 500కి అడిగేది. ఇద్దరికీ నిజం తెలిసిన ధర అయ్యేది. సరిగ్గా చూడకపోవడం కొన్నప్పుడే నష్టం తెచ్చింది, చెప్పకపోవడం అమ్మినప్పుడు తెచ్చింది.

ఈ వారం సాధన

మీరు చీరలు అమ్మకపోవచ్చు. పాత ఫోన్, బైక్, పుస్తకాలు, హాస్టల్ కూలర్ ఏదో ఒకటి ఎప్పుడో అమ్ముతారు. ఈ వారం ఇంట్లో ఒక పాత వస్తువు తీసుకోండి. అమ్మకపోయినా పర్లేదు. దాని లోపాలు కాగితం మీద రాయండి. ఎక్కడ, ఎంత, వాడేటప్పుడు తెలుస్తుందా, పెరుగుతుందా. తెలియని చోట "తెలియదు" అని రాయండి. తర్వాత ఆ కాగితం మాత్రమే ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, వస్తువు చూపించకుండా, ఎంత ధర ఇస్తారో అడగండి. ఇప్పుడు వస్తువు చేతికివ్వండి. వాళ్ళు చెప్పిన ధర మారకపోతే మీ రాత సరిగ్గా ఉన్నట్టు. ధర తగ్గిస్తే, ఎందుకు తగ్గించారో అడిగి, ఆ మాట కాగితం మీద చేర్చండి.

చేర్చే ముందు మాత్రం ఆ ఆంటీ ప్రశ్న మిమ్మల్ని మీరే ఒకసారి అడుక్కోండి. అది చూడలేదా, చూసి చెప్పలేదా?